మట్టి రంగును అంకెల్లో రాయడం: పొలం సర్వేలో మన్సెల్ చార్టుపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేల సర్వేకు కొత్తగా వచ్చే వ్యవసాయ విద్యార్థులు, ఫీల్డ్ అసిస్టెంట్లు, గుంట తవ్వుతుంటే చుట్టూ చేరే రైతులు మమ్మల్ని ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నలివి. మన్సెల్ చార్టు అంటే చిప్పులనే చిన్న రంగు ముక్కలను పేజీలకు అంటించిన పుస్తకం. మట్టిని ఆ చిప్పులతో పోల్చి రంగును అంకెల్లో రాస్తాం. ఉదాహరణలు చాలావరకు తెలంగాణ గ్రానైట్ ప్రాంతపు పొలాలవి. అక్కడ ఒకే వాలు మీద పైన ఎర్ర చల్క, కింద నల్లరేగడి కనిపిస్తాయి కాబట్టి రంగు చదవడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఎర్ర నేల, నల్ల నేల అని రాస్తే చాలదా? ఈ అంకెలెందుకు?

గట్టు మీద మాట్లాడుకోవడానికి చాలు. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పొలాల్లో ఎర్ర నేల, నల్ల నేల రెండూ ఉన్నాయి. సర్వేలో ఒక్కో నేల రకాన్ని సిరీస్ అంటారు. ఎర్రదాన్ని పటాన్‌చెరు సిరీస్ అని, నల్లదాన్ని కాసిరెడ్డిపల్లి సిరీస్ అని అంటారు. ఆ రెంటినీ విడదీయడానికి చార్టు అక్కర్లేదు, చిన్నపిల్లాడైనా చెబుతాడు. చిక్కంతా ఆ రెంటి మధ్య ఉన్న నేలతోనే. ఒకరు ఎర్రమట్టి అన్నదాన్ని ఇంకొకరు గోధుమ రంగు అంటారు, మూడోవారు ఇటుక రంగు అని రాస్తారు. ముగ్గురూ చూసింది ఒకటే నేలా కాదా అన్నది ఆ కాగితాలు చూసి ఎవరూ చెప్పలేరు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే పొలానికి వెళ్ళినవారు పాత రికార్డుతో పోల్చుకోవాలంటే, రంగు ఒక మనిషి కంటికి, భాషకు కట్టుబడి ఉండకూడదు.

10YR 3/1 అని రాస్తారు. దీన్ని ఎలా చదవాలి?

మూడు భాగాలుగా చదవాలి. మొదటిది హ్యూ, అంటే ఏ జాతి రంగు అన్నది. ఇక్కడ అది 10YR. R అంటే ఎరుపు, Y అంటే పసుపు, YR అంటే ఆ రెంటి మధ్యది. గీతకు ముందున్న 3 వాల్యూ, అంటే వెలుగు చీకటి మెట్టు. సిద్ధాంతంలో 0 కాటుక నలుపు, 10 స్వచ్ఛమైన తెలుపు. గీత తర్వాతి 1 క్రోమా, అంటే రంగు చిక్కదనం. క్రోమా 0 అంటే రంగే లేని బూడిద. అంకె పెరిగేకొద్దీ రంగు చిక్కనవుతుంది. పొలంలో మేము దీన్ని 'టెన్ వైఆర్, త్రీ వన్' అని పలుకుతాం, పక్కనున్నవాడు ఫారంలో రాసుకుంటాడు.

ఈ పద్ధతిని తయారుచేసిన ఆల్బర్ట్ మన్సెల్ నేల శాస్త్రవేత్త కాదు. బోస్టన్‌లో చిత్రకళ నేర్పిన చిత్రకారుడు. విద్యార్థులకు రంగుల గురించి చెప్పడానికి ఒక లెక్క కావాలని ఈ మూడు కొలతల పద్ధతి కట్టి, 1905లో పుస్తకంగా తెచ్చారు. నేలవాళ్ళు ఆ తర్వాత అందులోంచి మట్టికి పనికొచ్చే పేజీలు మాత్రం ఏరుకున్నారు. ఊదా, ఆకుపచ్చ, గులాబీ పేజీలతో మనకు పని లేదు కదా.

హ్యూలో అంకె పెరిగితే ఎరుపు పెరుగుతుందా, తగ్గుతుందా?

తగ్గుతుంది. కొత్తవాళ్ళందరూ తడబడేది ఇక్కడే. చార్టులో పేజీలు 10R, 2.5YR, 5YR, 7.5YR, 10YR, 2.5Y, 5Y అనే వరుసలో ఉంటాయి. ముందుకు వెళ్ళేకొద్దీ ఎరుపు పలచబడి పసుపు వైపు జరుగుతుంది. 2.5YR చూస్తే కాల్చిన ఇటుక గుర్తొస్తుంది. 10YR పేజీలోని చిక్కటి చిప్పులు చూస్తే పసుపు కలిసిన గోధుమ కనిపిస్తుంది. అయితే 2.5YR, 2.5Y పేర్లు దగ్గరగా ఉన్నాయని పేజీలూ దగ్గరే అనుకోవద్దు. మధ్యలో మరో మూడు పేజీలున్నాయి. ఫారంలో R రాయడం మర్చిపోతే ఎర్ర చల్క కాస్తా పసుపు పచ్చ మట్టి అయిపోతుంది. అలాంటి ఫారాలు మేము చూశాం.

ఈ ఎరుపు పసుపుల వెనక ఉన్నది ఇనుమే. నేలలో హెమటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటే ఎరుపు, గోతైట్ మాత్రమే ఉంటే పసుపు, గోధుమ. హెమటైట్‌ది మహా ఘాటైన రంగు. కొద్దిగా ఉన్నా మట్టినంతా ఎర్రగా కప్పేస్తుంది. అందుకే ఎంత ఎర్రగా ఉంటే అంత ఇనుము ఉన్నట్టు అని లెక్క కట్టకూడదు.

చార్టు చేతిలో ఉంది. మొదటి పెళ్ళను ఎలా పోల్చాలి?

గుంట గోడ నుంచి కత్తి మొనతో ఉసిరికాయంత పెళ్ళ తీయండి. నలపకుండా చేత్తోనే విరవండి. రంగు చూడాల్సింది విరిగిన కొత్త ముఖం మీద. గోడ మీది పైపూత మీద కాదు, ఎందుకంటే తవ్వేటప్పుడు పార రాసుకుని పై పొర మట్టి కిందికి పులుముకుని ఉంటుంది.

తర్వాత పేజీ ఎంచుకోవాలి. పెళ్ళను ఒక పేజీ దగ్గర పెట్టి చూసి, వెంటనే ముందు పేజీ, వెనక పేజీ కూడా చూడండి. ఈ మూడో చూపు ఎవరూ చూడరు, తప్పులన్నీ అక్కడే పుడతాయి. మొదట తెరిచిన పేజీకే కన్ను అలవాటు పడిపోతుంది. పేజీ ఖాయమయ్యాక వాల్యూ చూడండి. పేజీలో పైకి వెళ్తే లేత, కిందికి వస్తే ముదురు. కళ్ళు సగం మూసి చూస్తే రంగు మసకబారి వెలుగు చీకటి తేడా ఒక్కటే మిగులుతుంది, వాల్యూ పట్టుకోవడం తేలికవుతుంది. చివరికి అడ్డవరుసలో క్రోమా. ఎడమ నుంచి కుడికి చిక్కదనం పెరుగుతుంది.

ప్రతి చిప్పు పక్కన కాగితంలో ఒక రంధ్రం ఉంటుంది. అది అలంకారం కాదు. పెళ్ళను పేజీ వెనక నుంచి ఆ రంధ్రం కింద పట్టుకుంటే చిప్పు, మట్టి పక్కపక్కనే కనబడతాయి. చిప్పు మీద మట్టి పెట్టి పోల్చేవాళ్ళ చార్టు రెండు సీజన్లకే పాడైపోతుంది. పుస్తకంతో పాటు వచ్చే కిటికీల అట్టను కూడా వాడండి. చుట్టూ ఉన్న చిప్పులు కప్పేస్తే కన్ను మోసపోదు.

తడి రంగు, పొడి రంగు రెండూ ఎందుకు?

ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఎండిన వాకిట్లో నీళ్ళు చల్లగానే మట్టి ముదురు రంగుకు తిరగడం అందరూ చూసిందే. పొడి మట్టి రేణువుల మధ్య గాలి ఉంటుంది, వెలుగు ఆ రేణువుల మీద పడి చెదిరి కంటికి తిరిగొస్తుంది. నీటి పొర చేరితే ఆ చెదరడం తగ్గి, వెలుగు లోపలికి ఇంకిపోతుంది. చార్టు భాషలో చెప్పాలంటే ఎండినప్పుడు వాల్యూ సాధారణంగా ఒకటి నుంచి మూడు మెట్లు పైకెక్కుతుంది. హ్యూ మాత్రం చాలా నేలల్లో కదలదు. అంటే తడిగా ఉన్నప్పుడు 5YR 3/4 చూపే మట్టి, ఎండాక 5YR 5/4 చూపవచ్చు. రెండూ నిజమే. ఏ స్థితిలో చూశారో రాయకపోతే మాత్రం రెండూ అబద్ధాలే.

మాకు జరిగిన సంగతి చెబుతాను. ఒక మండలంలో రెండు బృందాలం పంచుకుని సర్వే చేశాం. ఒక బృందం మే నెలలో, మేము ఆగస్టులో. పటాలు కలిపి చూస్తే రెండు రకాల ఎర్ర నేలల మధ్య ఒక సరిహద్దు వచ్చింది. లేతది తూర్పున, ముదురుది పడమట. గీత ఎంత చక్కగా ఉందంటే స్కేలు పెట్టి గీసినట్టుంది. ప్రకృతి అంత తిన్నగా గీతలు గీయదు కదా అని అనుమానం వచ్చి చూస్తే, అది సరిగ్గా ఒక బండ్ల బాట మీదుగా పోతోంది. ఆ బాటే రెండు బృందాల పని మధ్య హద్దు. ఆగర్ పట్టుకుని వెళ్ళి బాటకు అటు పది అడుగులు, ఇటు పది అడుగులు దిగి మట్టి తీసి నీళ్ళు కొట్టి చూశాం. రెండు వైపులా 5YR 3/4. వేసవిలో వెళ్ళినవారు పొడి మట్టి చూసి 5YR 5/4 రాశారు, మేము వాన తడి మీద 3/4 రాశాం. ఇరువురి ఫారాల్లోనూ తడి, పొడి అన్న గడి ఖాళీగా ఉంది. ఆ గీత చెరపడానికి నాలుగు రోజుల పని మళ్ళీ చేశాం.

అప్పటి నుంచి అంకె పక్కన అక్షరం లేని రంగును మేము రంగుగా ఒప్పుకోం. తడికి M, పొడికి D.

'తడి' అంటే ఎంత తడి?

స్ప్రే సీసాతో కొద్దికొద్దిగా నీళ్ళు కొడుతూ ఉండండి. ఇంకొంచెం కొట్టినా రంగు మారని స్థితి వస్తుంది, అక్కడ ఆపాలి. పైన నీటి మెరుపు ఉంటే అది ఇంకేదాకా ఆగండి. ఆ మెరుపులో ఆకాశం కనబడుతుంది కానీ మట్టి కనబడదు. ఇసుక పాళ్ళు ఎక్కువున్న చల్క క్షణాల్లో పీల్చుకుంటుంది. బంకమట్టి అలా కాదు, పైన తడిసినట్టే ఉండి లోపల పొడిగా ఉంటుంది. ఒకసారి కొట్టి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ కొట్టి చూడాలి. వేలితో రుద్ది తడపొద్దు. రుద్దిన మట్టి రంగు వేరు, దాన్ని కావాలనే చూసే సందర్భం వేరే ఉంది, అప్పుడు 'నలిపినది' అని రాయాలి.

పొడి రంగుకు తొందర పనికిరాదు. పెళ్ళను నీడన గాలికి ఆరబెట్టి, ఇక రంగు మారదనుకున్నాక చూడాలి. సాయంత్రం బసకు తెచ్చుకున్న మట్టిని మర్నాడు పగటి వెలుగులో చదవడం మా అలవాటు.

ఏ వేళలో చూడాలి? మబ్బు పడితే?

సూర్యుడు ఎత్తుగా ఉన్నప్పుడు, నేరుగా పడే ఎండలో, ఎండ మీ భుజం మీదుగా పేజీ మీద పడేలా నిలబడి చూడాలి. ఉదయం పొద్దెక్కకముందు, సాయంత్రం పొద్దు వాలాక వెలుగులోనే ఎరుపు ఉంటుంది. ఆ వేళల్లో ప్రతి నేలా ఒక పేజీ ఎర్రగా కనిపిస్తుంది. చల్లదనం కోసం వేపచెట్టు కింద కూర్చుని చదివితే ఆకుల పచ్చదనం పేజీ మీద పడుతుంది. గుంటలోకి దిగి చదివితే గోడల ఎరుపు తిరిగి పడుతుంది, కాబట్టి పెళ్ళ పట్టుకుని పైకి రావాలి. నల్ల కళ్ళద్దాలు తీసేయాలి. ముదురు రంగు చొక్కా కూడా కొంత తేడా తెస్తుంది, అందుకని మాలో కొందరు ఫీల్డుకు తెల్లవో బూడిద రంగువో వేసుకుంటారు. మబ్బు పట్టినప్పుడు చూడక తప్పకపోతే చూడండి, కానీ 'మబ్బు' అని పక్కన రాయండి. ట్యూబ్‌లైటు కింద చదివిన రంగు మాత్రం వద్దు.

ఏ చిప్పూ సరిగ్గా కలవడం లేదు. ఏం చేయాలి?

కలవకపోవడమే మామూలు. నేలలోని రంగులు పుస్తకాన్ని చూసి పుట్టలేదు. అన్నిటికంటే దగ్గరగా ఉన్న చిప్పు రాయండి. రెండు చిప్పులకు సరిగ్గా నడుమ పడితే రెండూ రాసి 'మధ్య' అనండి. 5YR పేజీకి, 7.5YR పేజీకి నడుమ ఊగిసలాడుతున్నారంటే ఆ సంగతి కూడా పనికొచ్చే సమాచారమే. దశాంశాలు వేసి 6.2YR అని రాసి కచ్చితత్వం నటించొద్దు, కంటికి అంత శక్తి లేదు. అనుభవమున్న ఇద్దరు విడివిడిగా చదివినా ఒక చిప్పు తేడా తరచూ వస్తుంది. అందుకే సర్వే మొదటిరోజు మా బృందమంతా ఒకే పది పెళ్ళలను ఒకరి చీటీ ఒకరు చూడకుండా చదివి, తర్వాత పోల్చుకుంటాం. ఎవరి కన్ను ఎటు లాగుతుందో అప్పుడే తెలిసిపోతుంది. ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారు కూడా ఈ పరీక్షలోనే బయటపడతారు. వారికి హ్యూ పని ఇవ్వకండి. నేల ఆకృతి, కణ పరిమాణం చూడటంలో వారికి ఏ లోటూ ఉండదు.

ఒక గుంటను మొదటి నుంచి చివరిదాకా చదివి చూపిస్తారా?

ఒక వాలు మీద పైభాగపు చల్కలో తవ్విన గుంట తీసుకుందాం. కింద గ్రానైట్ చివికిన మొరం తగిలేదాకా, సుమారు అరవై సెంటీమీటర్లు. పై పొర ఇసుక కలిసిన మట్టి, దాని కింద బంక పాళ్ళు పెరిగిన ఎర్ర పొర. పొరల హద్దులు గీసుకుని ఒక్కోదాని నుంచి పెళ్ళ తీశాం. ఫారంలో పడ్డ వరుసలు ఇవి:

```
0–14 సెం.మీ.   M 5YR 3/4     D 5YR 5/4
14–58 సెం.మీ.  M 2.5YR 3/6   D 2.5YR 4/6
58+            మొరం, కలగలుపు రంగులు
```

రెండో వరుస మొదట ఇలా రాలేదు. గుంట ఉదయం తవ్వారు, మేము చూసేసరికి పన్నెండయింది. గోడ తడిగానే కనబడింది కానీ అప్పటికి పైముఖం ఆరిపోయింది. మాతో వచ్చిన కుర్రాడు ఒక్కసారి నీళ్ళు కొట్టి 2.5YR 4/6 చదివి M కింద రాయబోయాడు. బంకపొర కదా, ఆగి మళ్ళీ కొట్టమన్నాను. రెండోసారి కొట్టి ఒక నిమిషం ఆగాక పెళ్ళ ముదిరింది. 3/6 చిప్పు దగ్గర పట్టి చూస్తే అతుక్కున్నట్టు కలిసింది.

ఒక్క మెట్టుకే ఇంత పట్టుదల ఎందుకంటే, మన దేశపు సర్వేల్లోనూ వాడే అమెరికన్ నేల వర్గీకరణలో ఒక నియమం ఉంది. ఇలాంటి ఎర్ర నేలల్లో బంక చేరిన పొర రంగు 2.5YR గానీ అంతకంటే ఎరుపు గానీ అయి, తడి వాల్యూ 3కు మించకుండా, పొడి వాల్యూ తడికంటే ఒక్క మెట్టుకు మించి ఎక్కకుండా ఉంటే, ఆ నేల పేరుకు ముందు 'రోడ్' అనే ముక్క చేరుతుంది, రోడుస్టాల్ఫ్ అంటారు. పటాన్‌చెరు సిరీస్ అలాంటిదే. మా గుంటలో తడి 3, పొడి 4, హ్యూ 2.5YR. మూడూ సరిపోయాయి. కుర్రాడి మొదటి అంకె ఉండిపోయి ఉంటే తడి వాల్యూ 4 దగ్గరే నేల పేరు మారిపోయేది, తప్పు సీసాలో ఉందని ఎవరికీ తెలిసేది కాదు. పై పొర 5YR ఉందని కంగారు పడనక్కర్లేదు, ఈ నియమం చూసేది కింద బంక చేరిన పొరనే.

వాలు దిగుతూ పోతే ఎరుపు మెల్లగా వదులుతుంది, నడిమి గుంటలో 7.5YR దొరికింది. అడుగున చెరువు వైపు గుంటలో పై నుంచి మీటరు దాటేదాకా ఒకటే రంగు, M 10YR 3/1. మధ్యమధ్య తెల్లటి సున్నపు గులకలు తప్ప పొర హద్దు రంగుతో దొరకలేదు. రేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చి, పై మట్టి లోపలికి రాలి, వానలకు ఉబ్బి తనను తాను కలియదిప్పుకుంటుంది. అందుకే రంగు పొరలుగా విడిపోదు. ఇక్కడ రంగు మీద ఆధారపడితే పని నడవదు. నునుపుగా మెరిసే జారుడు ముఖాలను చూసి హద్దులు పెట్టుకున్నాం.

చార్టు ఇచ్చే పేరు మా ఊరి పేరుతో కలవడం లేదేం?

ఆ అడుగు గుంట పొలం పెద్దాయన ఇదే అడిగాడు. 10YR 3/1కి చార్టు ఎదుటి పేజీలో రాసిన పేరు 'చాలా ముదురు బూడిద'. అది విని, 'గిదేంది సారూ, మా తాతల కాలం నుంచి నల్లరేగడి అంటుంటే మీరు బూడిదంటున్నరు?' అన్నాడు. ఆయన మాట తప్పు కాదు. చార్టు లెక్కన నలుపు అన్న పేరు ఇంకో మెట్టు కింద, 10YR 2/1 దగ్గర మొదలవుతుంది. పేర్లు చిప్పులను గుంపులుగా చుట్టి పెట్టినవి మాత్రమే. 7.5YR పేజీలో వాల్యూ 4, 5 వరుసల్లో క్రోమా 2, 3, 4 చిప్పులు ఆరింటికీ 'బ్రౌన్' అన్న ఒకటే పేరు. అందుకే అంకె ముఖ్యం, పేరు తర్వాత. ఊరి పేరును కూడా ఫారంలో రాస్తాం. రేగడి అన్న మాటలో రంగుతో పాటు నెర్రెలు, జిగట, తడిస్తే అరక దిగబడటం అన్నీ ఉన్నాయి. చార్టుకు ఆ సంగతులు తెలియవు.

నల్లగా ఉంటే సేంద్రియ పదార్థం ఎక్కువన్నట్టేనా?

అదే వాలు మీద, అదే రకం మట్టిలో, వాల్యూ తక్కువున్న చోట సేంద్రియం ఎక్కువుండే అవకాశం ఉంది. రేగడిని చల్కతో పోల్చి మాత్రం అలా చెప్పకూడదు. మన రేగడి నేలల్లో చాలావాటికి సేంద్రియ కర్బనం ఒక శాతం కూడా ఉండదు. ఉన్న కొద్దిపాటి హ్యూమస్ ఉబ్బే బంకతో గట్టిగా పెనవేసుకోవడం వల్ల ఆ నలుపు. ఎంత ఉందో తెలియాలంటే ప్రయోగశాలకు పంపాల్సిందే.

వరి మడిలో ఒకే పెళ్ళలో బూడిద, తుప్పు రంగు కలిసి ఉన్నాయి. ఏది రాయాలి?

రెండూ. సగం కంటే ఎక్కువ ఆక్రమించినది నేల అసలు రంగు, మిగిలినవి మచ్చలు. మచ్చలకు రంగుతో పాటు మూడు సంగతులు రాయాలి. ఎంత మేర ఉన్నాయన్నది మొదటిది: ముఖం మీద 2 శాతం లోపైతే కొద్దిగా, 20 శాతం దాకా మధ్యస్థం, దాటితే ఎక్కువ. తర్వాత మచ్చ సైజు, నేల రంగుతో ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతున్నదీ రాయాలి.

ఈ మచ్చలు నీటి చరిత్ర. నీళ్ళు నిలిచి గాలి అందకపోతే ఇనుము కరిగే రూపంలోకి మారి కదిలిపోతుంది, అది వదిలేసిన చోట మట్టి బూడిదగా మిగులుతుంది. మళ్ళీ గాలి తగిలిన చోట చేరి తుప్పుగా పేరుకుంటుంది. వాల్యూ 4 గానీ పైన గానీ ఉండి క్రోమా 2 లేదా తక్కువ ఉన్న మచ్చలు కనబడితే ఇనుము వెళ్ళిపోయిన చోటు అనుకోవచ్చు.

తుప్పు ఎక్కడుందో చూడడం ఇంకా ముఖ్యం. వరి వేళ్ళు తమ వెంట గాలి తెచ్చుకుంటాయి, కాబట్టి దమ్ము చేసిన పొరలో బూడిద మట్టి నడుమ వేరు పోయిన సన్నటి గొట్టం చుట్టూ నారింజ గీత కనబడుతుంది. ఒక మడిలో మేము చూసింది M 10YR 4/1 మట్టి, గొట్టాల చుట్టూ 7.5YR 4/6 మచ్చలు, పదిహేను శాతం దాకా. నాగలి అడుగున గట్టిపడిన పొర దాటి తవ్వితే కింద మళ్ళీ గోధుమ రంగు. అంటే నీరు పైనుంచి నిలిచింది, మనం పెట్టిన నీరే. కిందికి వెళ్ళేకొద్దీ బూడిద పెరిగితే అది భూగర్భ నీటిమట్టం పైకొచ్చిన గుర్తు, అక్కడ మురుగు కాలువ ఆలోచన వేరే చేయాలి.

ఒక హెచ్చరిక. రేగడిలో క్రోమా ఎలాగూ 1 ఉంటుంది. అది చూసి నీరు నిలిచే నేల అని రాసినవాళ్ళున్నారు. వాల్యూ 3 దగ్గర క్రోమా 1 నీటి వల్ల కాకుండా ఆ బంక, హ్యూమస్‌ల నలుపు వల్లే వస్తుంది. ముదురు మట్టిలో మచ్చలు కూడా సరిగా కనబడవు, తుప్పు గీతలు వెతకడమే దారి.

ఫోనుతో ఫొటో తీసి రంగు చెప్పించుకోవచ్చా?

జ్ఞాపకానికి ఫొటో తీసుకోండి, కొలతకు వద్దు. ఫోను కెమెరా ఫ్రేములో ఏమున్నదో చూసి తెలుపును తనే సవరిస్తుంది. ఎర్ర గుంటంతా నింపి తీస్తే ఎరుపును తగ్గించేస్తుంది. పెళ్ళ పక్కన చార్టు పేజీ కూడా ఉంచి తీస్తే, కనీసం తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. రంగు కొలిచే చిన్న సెన్సర్ పరికరాలు ఉన్నాయి. అవి తమ సొంత దీపంతో కొలుస్తాయి కాబట్టి ఎండతో పేచీ లేదు. కానీ మచ్చలున్న పెళ్ళ మీద పెడితే బూడిదను, తుప్పును కలిపేసి ఎక్కడా లేని ఒక గోధుమ రంగు చెబుతాయి.

నా సాయిల్ హెల్త్ కార్డులో ఈ రంగు ఎక్కడుంది?

ఉండదు. కార్డులో ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, పోషకాలు ఉంటాయి. రంగు కావాలంటే నేల సర్వే నివేదికలో, సిరీస్ వర్ణన దగ్గర వెతకాలి.

చార్టు ఎన్నాళ్ళు పనికొస్తుంది?

జాగ్రత్తను బట్టి. చిప్పులు ఎండకు వెలుస్తాయి, వేలిముద్రలకు మురికి పడతాయి. అందరూ ఎక్కువగా తెరిచేవి 5YR, 7.5YR, 10YR పేజీలు, వాటిలోనూ వాల్యూ 3, 4 వరుసలు ముందు పోతాయి. తడి వేళ్ళతో పేజీ తిప్పొద్దు, వాడనప్పుడు జీపు ముందద్దం దగ్గర ఎండలో వదలొద్దు. మట్టి అంటితే ఆరాక మెత్తటి కుంచెతో దులపండి, గుడ్డతో తుడిస్తే రంగు గీసుకుపోతుంది. మా దగ్గర ఒక కొత్త పుస్తకం ఆఫీసు బీరువాలోనే ఉంటుంది, ఫీల్డుకు రాదు. సీజన్ మొదట్లో ఫీల్డు పుస్తకంలోని పేజీలను దాని పక్కన పెట్టి ఎండలో చూస్తాం. ఏ పేజీ చిప్పులు తేడాగా కనబడితే ఆ పేజీ తీసేసి కొత్తది వేస్తాం. పోయినసారి 7.5YR పేజీ వంతు వచ్చింది.